బూడిద ముదిరితే నీలం కలిసిపోతుంది: ట్యాబ్ బార్ రివ్యూలో చూడాల్సినవి

యాప్ అడుగున ఉండే ట్యాబ్ బార్ రివ్యూకి వచ్చినప్పుడు చాలా టీముల్లో జరిగేది ఒకటే. డిజైన్ ఫైల్‌లో అయిదు ఐకాన్లను పెద్దవి చేసి పక్కపక్కన పెడతారు. గీతల మందం ఒకేలా ఉందా, మూలల గుండ్రదనం కలిసిందా అని చూస్తారు. అవీ చూడాల్సినవే. కానీ వాడే మనిషి ఆ ఐకాన్లను అంత పెద్దగా ఎప్పుడూ చూడడు. అతనికి కనిపించేది ఆండ్రాయిడ్ కొలమానంలో 24 డీపీల బొమ్మ, అంటే ఫోన్ మీద దాదాపు 4 మిల్లీమీటర్లు. అది కూడా నేరుగా కాదు, కళ్లు పైన కంటెంట్ మీద ఉండగా ఓరచూపుకి అందినంత మాత్రమే. బొటనవేలు అప్పటికే దాని మీదికి వెళుతుంటుంది. ఆ క్షణంలో బార్ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: ఇది నొక్కితే ఏమొస్తుంది, ఇప్పుడు ఎక్కడున్నాను, వేలు అక్కడికి అందుతుందా. ఈ మూడింటినీ విడివిడిగా చెక్ చేసి టిక్కు పెట్టుకుంటూ పోతే సరిపోదు. ఒకదాన్ని సరిచేస్తే ఇంకొకటి పాడవడం ఈ బార్‌లో మామూలు విషయం.

పాఠాలు చెప్పే ఒక యాప్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అందులో అయిదు ట్యాబులు: హోమ్, పాఠాలు, సాధన, సేవ్ చేసినవి, ప్రొఫైల్. ఐకాన్లు వరసగా ఇల్లు, తెరిచిన పుస్తకం, పెన్సిల్, బుక్‌మార్క్ రిబ్బన్, మనిషి బొమ్మ. తెల్లటి బార్. ఎంచుకున్న ట్యాబ్ నీలం, మిగతావి లేత బూడిద రంగు. ఎంచుకున్న ట్యాబ్ కింద మాత్రమే పేరు కనిపిస్తుంది. చూడటానికి శుభ్రంగా, తేలికగా ఉంటుంది. ఇలాంటి బార్లు లెక్కలేనన్ని కనిపిస్తాయి.

మొదట పేర్ల సంగతి. నాలుగు ట్యాబులకు పేర్లు ఎందుకు లేవని అడిగితే, చాలాసార్లు ఎవరూ తీసుకున్న నిర్ణయం కాదది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ మెటీరియల్ లైబ్రరీ ఇచ్చే బాటమ్ నావిగేషన్‌కు పేర్లు చూపించే పద్ధతి డిఫాల్ట్‌గా `auto` అని ఉంటుంది. ట్యాబులు మూడు లేదా అంతకంటే తక్కువైతే అన్నిటికీ పేర్లు చూపిస్తుంది. నాలుగో ట్యాబ్ చేరగానే ఎంచుకున్నదానికి తప్ప మిగతావాటికి తీసేస్తుంది. అంటే యాప్ మూడు ట్యాబులతో మొదలై, ఆరు నెలల తర్వాత నాలుగోది కలిస్తే, పేర్లు వాటంతట అవే మాయమవుతాయి. రివ్యూలో కొత్త ట్యాబ్ ఒక్కదాన్నే చూస్తే ఇది పట్టుబడదు. పేర్లు ఎప్పుడూ ఉండాలంటే ఒక్క లైను చాలు:

```xml
<com.google.android.material.bottomnavigation.BottomNavigationView
    app:labelVisibilityMode="labeled" />
```

పేర్లు ఎందుకు కావాలో ఈ అయిదు ఐకాన్లలోనే తెలుస్తుంది. ఇల్లు, మనిషి బొమ్మ పేరు లేకపోయినా గడిచిపోతాయి. పెన్సిల్ అలా కాదు. అది సాధనా, కొత్తగా ఏదైనా రాయడమా, ఉన్నదాన్ని మార్చడమా? మూడూ వేరే వేరే యాప్‌లలో పెన్సిల్‌తోనే చూపిస్తారు. పుస్తకానికీ బుక్‌మార్క్‌కీ మధ్య చిక్కు ఇంకో రకం. పాఠాలు నేర్పే యాప్‌లో రెండూ "పుస్తకానికి సంబంధించినవే" అనిపిస్తాయి. దాచుకున్న పాఠం కోసం పుస్తకం నొక్కి, అది కాదని తెలిసి, మళ్లీ రిబ్బన్ నొక్కే మనిషి ఆకారం గుర్తుపట్టలేక తప్పు చేయడం లేదు. రెండు ఆకారాలూ బాగానే గుర్తుపట్టాడు. ఏ ఆకారం వెనక ఏముందో మాత్రం ఊహించాల్సి వచ్చింది.

దీన్ని పరీక్షించేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. "ఈ బొమ్మ ఏమిటి?" అని అడగకూడదు. "పెన్సిల్" అని సరిగ్గానే చెబుతారు, టీము సంతోషపడుతుంది, కానీ ఏమీ తెలియదు. "దీన్ని నొక్కితే ఏ స్క్రీన్ వస్తుందనుకుంటున్నారు?" అని అడగాలి. అంతకంటే మంచిది తిప్పి అడగడం: "నిన్న సేవ్ చేసుకున్న పాఠం చూడాలి, ఎక్కడ నొక్కుతారు?" యాప్ ఎప్పుడూ చూడని అయిదారుగురితో, ఫోన్ మీద అసలు సైజులో, ముందు పేర్లు లేకుండా, తర్వాత పేర్లతో ఇలా అడిగితే ఏ ఐకాన్ తన కాళ్ల మీద తను నిలబడగలదో, ఏది పేరు ఆసరాతో నడుస్తోందో తేలిపోతుంది.

పేర్లు పెట్టగానే వెడల్పు సమస్య వస్తుంది. 360 డీపీల వెడల్పున్న ఫోన్‌లో అయిదు ట్యాబులంటే ఒక్కోదానికి 72 డీపీలు. పక్కల ఖాళీ తీసేస్తే అక్షరాలకు మిగిలేది అరవై పైచిలుకు. "హోమ్", "సాధన" హాయిగా పడతాయి. "సేవ్ చేసినవి" అంచులు తాకుతుంది, అక్షరాల సైజు కాస్త పెంచుకున్న ఫోన్‌లో "సేవ్ చే…" అని తెగిపోతుంది. ఇక్కడ చాలామంది అక్షరాలను చిన్నవి చేస్తారు. అది తప్పు దారి. పేరునే మార్చాలి. "దాచినవి" అంటే ఒకే మాట, అర్థం అదే, చోటు చాలా తక్కువ. అయితే ట్యాబ్ కింద "దాచినవి" అని ఉండి, నొక్కితే వచ్చే స్క్రీన్ పైన "సేవ్ చేసిన పాఠాలు" అని ఉంటే తను అనుకున్న చోటికే వచ్చానా అని వాడేవాళ్లకు ఒక క్షణం అనుమానం వస్తుంది. రెండు చోట్లా ఒకే మాట ఉండాలి.

తెలుగు లిపికి ఇంకో సంగతి ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో డిజైన్ చేసిన ఫైల్‌లో అది కనిపించదు. ఇంగ్లిష్ లేబుల్ ఎత్తుకు సరిపడా పెట్టిన పెట్టెలో "ప్రొఫైల్" రాస్తే 'ప' కింద క్రావడి అడుగు తెగిపోవచ్చు. ఐఫోన్ ట్యాబ్ బార్‌లో పేర్లు మామూలుగా 10 పాయింట్ల సైజులో ఉంటాయి, మెటీరియల్ బార్‌లో 12. ఒత్తులూ గుణింతాలూ ఉన్న అక్షరాలకు 10 నిజంగా చిన్నది. పేరు తెలుగులో ఉంటే రివ్యూ తప్పకుండా తెలుగు పేర్లతోనే, ఒత్తులున్న మాటతోనే చేయాలి. "హోమ్" ఒక్కటి చూసి సరే అనేస్తే ఆ లోపం విడుదలయ్యాక బయటపడుతుంది.

ఇక ఎంచుకున్న ట్యాబ్ ఎలా తెలుస్తుందన్నది. అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చూడాలి.

మన ఉదాహరణలో ఎంచుకోని ట్యాబుల రంగు `#9E9E9E` అనుకుందాం. తెలుపు మీద దాని కాంట్రాస్ట్ 2.68:1. వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు, అంటే డబ్ల్యూసీఏజీ, ఐకాన్ల వంటి బొమ్మలకు కనీసం 3:1, చిన్న అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలంటాయి. ఈ బూడిద రెండింట్లోనూ ఫెయిల్. పేర్లు లేనప్పుడు ఐకాన్ల లోటు కొద్దిగానే ఉండేది. అన్ని ట్యాబులకూ పేర్లు పెట్టిన మరుక్షణం అది అక్షరాల రంగు కూడా అయింది, ఇప్పుడు 4.5 దాటాలి.

ఇక్కడ ఒక వాదన తరచూ వినిపిస్తుంది: "ఇవి యాక్టివ్‌గా లేని ట్యాబులు కదా, నియమంలో ఇనాక్టివ్ వాటికి మినహాయింపు ఉంది." మినహాయింపు నిజమే, కానీ అది నొక్కినా పనిచేయని బటన్లకు. ఎంచుకోని ట్యాబ్ నొక్కితే పనిచేస్తుంది. పైగా వాడేవాళ్లు వెళ్లాలనుకునేది ఎప్పుడూ ఎంచుకోని ట్యాబ్‌కే. ఉన్న చోటికి ఎవరూ వెళ్లరు. కాబట్టి బార్‌లో బాగా కనిపించాల్సినవి ఆ నాలుగే.

సరే, బూడిదను `#757575`కి ముదురు చేశారు. తెలుపు మీద 4.61:1. పాసయింది. ఎంచుకున్న ట్యాబ్ నీలం `#1976D2`, అది తెలుపు మీద 4.60:1. అదీ పాసే. రెండు రంగులనూ విడివిడిగా కాంట్రాస్ట్ చెకర్‌లో పెడితే రెండు ఆకుపచ్చ టిక్కులొస్తాయి. ఇప్పుడు ఆ రెండు రంగులను ఒకదానితో ఒకటి పోల్చండి. నిష్పత్తి దాదాపు 1:1. వెలుగు ప్రకారం ఆ నీలమూ ఆ బూడిదా ఒకటే! ఫోన్‌ను బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లో పెట్టి చూస్తే అయిదు ట్యాబులూ ఒకే రంగులో ఉంటాయి, ఏది ఎంచుకున్నదో పట్టుకోలేం. రంగులు సరిగా తెలియని కంటికి, ఎండలో వెలవెలబోయే స్క్రీన్ మీద ఎవరి కంటికైనా, ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది.

ఇంతకుముందు బార్‌లో ఆ తేడా ఉండేది. ఎలా? బూడిద పాలిపోయి ఉండటం వల్ల, పేరు ఒక్కదానికే ఉండటం వల్ల. ఎంచుకున్న ట్యాబ్‌ను చూపించే పని నిజానికి ఆ రెండు లోపాలే చేస్తున్నాయన్నమాట. వాటిని సరిచేయగానే ఆ పని చేసేవాళ్లు లేకుండా పోయారు. పేర్లు, రంగు, ఎంచుకున్న స్థితి మూడూ కలిపి చూడాలనడానికి కారణం ఇదే. పేర్ల టికెట్ ఒకరు, కాంట్రాస్ట్ టికెట్ ఇంకొకరు మూసేసి, ఇద్దరూ సరిగ్గానే చేసి, మొత్తానికి బార్ మునుపటికంటే అర్థం కాకుండా తయారవుతుంది.

దీనికి మందు ఆకారంలో ఉంది, రంగులో కాదు. ఎంచుకోని ఐకాన్ గీతలతో, ఎంచుకున్నది నిండుగా ఉండటం చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి. ఇల్లు, బుక్‌మార్క్, మనిషి బొమ్మ నింపితే చక్కగా తేడా తెలుస్తుంది, ఎందుకంటే వాటి లోపల ఖాళీ ఎక్కువ. పెన్సిల్ సన్నటిది, నింపినా 24 డీపీల్లో పెద్ద మార్పు కనిపించదు. భూతద్దం ఐకాన్‌తోనూ అందరికీ ఇదే ఇబ్బంది: గాజు నింపితే అది భూతద్దంలా ఉండదు, నింపకపోతే తేడా ఉండదు, చివరికి గీత మందం పెంచి సరిపెట్టుకుంటారు. కాబట్టి నింపడం అనే పద్ధతి బాగుందో లేదో ఇంటి బొమ్మతో తేల్చకూడదు. అయిదింటిలో అన్నిటికంటే బలహీనమైనది ఏదో వెతికి, దాంతో తేల్చాలి. ఈ యాప్‌లో అది పెన్సిల్.

మెటీరియల్ మూడో వెర్షన్ ఎంచుకున్న ఐకాన్ వెనక 64 డీపీల వెడల్పు, 32 డీపీల ఎత్తున్న మాత్ర ఆకారాన్ని పెడుతుంది. మంచి ఆలోచన. పెన్సిల్ లాంటి సన్నటి ఐకాన్‌కు అది చాలా ఉపయోగం. కానీ ఆ మాత్రకు టీములు వేసే రంగు చూడాలి. తెల్లటి బార్ మీద `#E3F2FD` లాంటి లేత నీలం వేస్తే తెలుపుతో దాని నిష్పత్తి 1.1 దగ్గర ఉంటుంది. డిజైనర్ మానిటర్ మీద హుందాగా కనిపిస్తుంది, వెలుతురు తగ్గించిన ఫోన్‌లో ఉన్నట్టే తెలియదు. మాత్ర ఒక్కదాని మీదే ఆధారపడితే దాని రంగు బార్‌తో 3:1 దాటాలి. అంత ముదురు వద్దనుకుంటే నిండు ఐకాన్, మందమైన పేరు కూడా తోడుండాలి. పేరును మందం చేస్తే అది కాస్త వెడల్పవుతుందని మరచిపోకూడదు. మామూలుగా సరిపోయిన పేరు ఎంచుకున్నప్పుడు మాత్రం తెగే లోపం ఇలాగే వస్తుంది. ప్రతి ట్యాబ్‌నూ ఒకసారి నొక్కి చూస్తేనే అది దొరుకుతుంది.

స్టిల్ బొమ్మలో కనిపించని లోపాలు ఇంకో రెండున్నాయి. ఒకటి, వేలు తగిలిన వెంటనే ఎంపిక మారుతుందా, లేక కొత్త స్క్రీన్ డేటా వచ్చాక మారుతుందా. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు రెండో రకం బార్ నొక్కినట్టే అనిపించదు, మనిషి మళ్లీ నొక్కుతాడు. ఎంపిక వెంటనే మారాలి, డేటా తీరిగ్గా రావచ్చు. రెండోది, నోటిఫికేషన్ నొక్కి నేరుగా ఒక పాఠంలోకి వచ్చినప్పుడు ఏ ట్యాబ్ వెలుగుతోంది? చాలా యాప్‌లలో హోమ్ వెలుగుతూ ఉంటుంది, స్క్రీన్ మాత్రం పాఠాలది. దాన్ని బొమ్మల లోపంగా ఎవరూ నమోదు చేయరు, కానీ "ఇప్పుడు ఎక్కడున్నాను" అన్న ప్రశ్నకు బార్ తప్పు జవాబు చెప్పినట్టే. స్క్రీన్ రీడర్ ఆన్ చేసి బార్ మీద వేలు జరిపితే ఎంచుకున్న ట్యాబ్ దగ్గర అది ఎంచుకున్నదని వినిపించాలి. సిస్టమ్ ఇచ్చే బార్‌లో అది వస్తుంది. సొంతంగా కట్టిన బార్లలో ఎక్కువగా పోయేది ఇదే.

బొటనవేలి సంగతికొస్తే, "అడుగున ఉంది కాబట్టి అందుతుంది" అనేది సగం నిజం. మొబైల్ డిజైన్ పరిశోధకుడు స్టీవెన్ హూబర్ 2013లో జనం ఫోన్ వాడుతుండగా 1,333 సార్లు గమనించి నమోదు చేశారు. వారిలో స్క్రీన్‌ను తాకుతున్న 780 మందిలో 49 శాతం ఒంటి చేత్తో వాడుతున్నారు, 36 శాతం ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నొక్కుతున్నారు, 15 శాతం రెండు చేతులూ వాడుతున్నారు. అప్పటి ఫోన్లు ఇప్పటివాటికంటే చిన్నవి కాబట్టి ఆ అంకెలను యథాతథంగా ఈరోజుకు అన్వయించకూడదు. వాటి నుంచి తీసుకోవాల్సింది ఒకటే: పట్టు ఒకే రకంగా ఉండదు, ఒకే మనిషి కూడా మారుస్తూ ఉంటాడు.

పెద్ద ఫోన్‌ను కుడిచేత్తో పట్టుకుని చూడండి. ఎడమ మూల దూరం, వేలు సాగాలి. ఇది అందరూ చెప్పేదే. కుడి మూల సంగతే ఎవరికీ తట్టదు. అది దగ్గరే, కానీ మరీ దగ్గర. బొటనవేలు మొదలు పక్కనే ఉండటంతో వేలిని మడిచి, గోరు తగిలేలా నొక్కాల్సి వస్తుంది, లేదంటే పట్టు సడలించాలి. హాయిగా తగిలేవి మధ్యలో ఉన్న రెండు మూడు చోట్లు. ఎడమచేత్తో పట్టుకుంటే మూలలు తారుమారవుతాయి, మధ్య మాత్రం మధ్యే. అందుకే ఈ యాప్‌లో ఎక్కువగా వాడే "సాధన" మూడో చోట ఉండటం సరైన ఏర్పాటు. ఎప్పుడో తప్ప తెరవని ప్రొఫైల్ మూలన ఉన్నా నష్టం లేదు.

చోటు సరిగా ఉన్నా వేలు తప్పడానికి ఎక్కువసార్లు కారణం నొక్కే ప్రాంతం చిన్నదవడం. ట్యాబ్‌కు 72 డీపీల వెడల్పు ఉన్నా, సొంతంగా కట్టిన బార్‌లో స్పందన 24 డీపీల ఐకాన్‌కు మాత్రమే పెట్టేస్తుంటారు. పేరు మీద నొక్కితే ఏమీ జరగదు, రెండు ఐకాన్ల మధ్య నొక్కినా అంతే. యాపిల్ కనీసం 44 పాయింట్లు, ఆండ్రాయిడ్ 48 డీపీలు ఉండాలంటాయి. ట్యాబ్ బార్‌లో ఆ కనీసం దగ్గర ఆగిపోవాల్సిన అవసరం కూడా లేదు. గడి మొత్తం, బార్ పూర్తి ఎత్తు నొక్కే ప్రాంతం కావాలి. చెక్ చేయడం సులువు: ఒక్కో పేరు చివరి అక్షరం మీద నొక్కండి, తర్వాత రెండు ట్యాబుల మధ్య గీత ఉంటుందనుకున్న చోట నొక్కండి. నొక్కిన ప్రతిసారీ ఏదో ఒక ట్యాబ్ తెరుచుకోవాలి.

బార్ కింది అంచు ఇంకో చిక్కు. హోమ్ బటన్ లేని ఐఫోన్లలో బార్ కింద 34 పాయింట్లు హోమ్ గీత కోసం వదలాలి. ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేసిన యాప్‌లు ఆ వెర్షన్ ఉన్న ఫోన్లలో డిఫాల్ట్‌గా స్క్రీన్ అంచుదాకా గీయబడతాయి కాబట్టి, ఆ ఖాళీని యాప్ లెక్కలోకి తీసుకోకపోతే పేర్లు సిస్టమ్ గీత కిందికి జారతాయి. పేరు నొక్కబోతే వేలు కాస్త పైకి జరిగినా యాప్ మూసుకుపోయి హోమ్ స్క్రీన్ వస్తుంది. దీనికి విరుగుడుగా ఖాళీని రెండుసార్లు కలిపేసి బార్‌ను అనవసరంగా ఎత్తు చేసిన యాప్‌లూ ఉన్నాయి. ఇంకొకటి తరచూ వదిలేసేది: వెతికే పెట్టెలో టైప్ చేస్తున్నప్పుడు ఆండ్రాయిడ్‌లో `adjustResize` అనే సెట్టింగ్ వల్ల బార్ కీబోర్డ్ నెత్తి మీదికి ఎక్కుతుంది. పై వరస అక్షరాల కోసం వెళ్లిన వేలు ట్యాబ్ మీద పడి, టైప్ చేసింది వదిలేసి వేరే స్క్రీన్‌కు వెళ్లిపోతారు. కీబోర్డ్ ఉన్నంతసేపూ బార్‌ను దాచేస్తే సరి.

వేలి పరీక్షకు పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్లలో `Show taps` ఆన్ చేసి స్క్రీన్ రికార్డింగ్ పెట్టాలి. మనిషి నిలబడి, ఒంటి చేత్తో, హోమ్ నుంచి దాచినవికి, అక్కడి నుంచి సాధనకు, అక్కడి నుంచి ప్రొఫైల్‌కు పదిసార్లు వెళ్లాలి. తర్వాత చేయి మార్చి మళ్లీ. రికార్డింగ్‌లో చూడాల్సింది తప్పు ట్యాబ్ ఎన్నిసార్లు తెరుచుకుందన్నది ఒక్కటే కాదు, చుక్కలు గడిలో ఎక్కడ పడుతున్నాయన్నది. తప్పు లేకపోయినా చుక్కలన్నీ అంచు దగ్గరే పడుతుంటే ఆ ట్యాబ్ కొద్దిలో తప్పించుకుంటోందని అర్థం. ఫోన్‌ను అరచేతిలో ఎన్నిసార్లు జరుపుకున్నాడో మాత్రం రికార్డింగ్‌లో పడదు, పక్కన నిలబడి లెక్కపెట్టాలి.

ఇవన్నీ అయ్యాక ట్యాబుల క్రమం మార్చాలనిపిస్తే, అప్పటికే యాప్ వాడుతున్నవాళ్ల విషయంలో ఆగి చూడాల్సిన మాట ఒకటి ఉంది. పేర్లు లేని బార్‌ను నెలల తరబడి వాడినవాళ్లు బొమ్మలను కూడా చూడరు, "కుడి నుంచి రెండోది" అని వేలికే అలవాటైపోయి ఉంటుంది. పేర్లు, రంగులు, క్రమం మూడూ ఒకే విడుదలలో మారిస్తే తప్పు నొక్కులు పెరుగుతాయి, కారణం వీటిలో ఏదో విడదీయలేం. పేర్లూ నిండు ఐకాన్లూ ముందు వెళ్లనివ్వాలి. అవి రెండూ కలిసే వెళ్లాలి, లేకపోతే పైన చూసిన నీలం బూడిదల కథ మళ్లీ మొదలవుతుంది. కొన్ని వారాలు నడిచాక, ఒక ట్యాబ్ తెరిచి క్షణాల్లో పక్క ట్యాబ్‌కు మారిపోతున్న సందర్భాలు లాగ్‌లలో ఎక్కడ ఎక్కువున్నాయో చూడాలి. పాఠాలు, దాచినవి మధ్య అవి తగ్గి ఉంటే క్రమం జోలికి వెళ్లాల్సిన పనే ఉండదు.